రెండు ఆఫర్లు, ఒక పాత నోట్‌బుక్కు

మా అమ్మాయికి ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఆఫర్లు ఒకే వారంలో రెండు వచ్చాయి. ఒకటి బెంగళూరులో, అందరికీ తెలిసిన పెద్ద కంపెనీ, నెలకు 40,000. రెండోది మాదాపూర్‌లో ముప్ఫై మంది పనిచేసే చిన్న సంస్థ, 25,000. శుక్రవారంలోగా జవాబివ్వాలి. మా వారు పేపరు మడిచేలోపే "పెద్దదే, ఇంకా ఆలోచనేమిటి" అనేశారు.

ముందు డబ్బు సంగతి తేల్చుదామని నా పాలలెక్కల నోట్‌బుక్కు తీశాను. బెంగళూరులో భోజనంతో పీజీకి 14,000, రాకపోకలకు మూడు వేలు, చిల్లర ఖర్చులకు మరో మూడు. మిగిలేది 20,000. ఇక్కడ కూకట్‌పల్లిలో ఇంట్లోనే ఉంటుంది, అమీర్‌పేటలో మెట్రో మారి ఆఫీసుకు వెళ్లొస్తుంది. ఖర్చు మూడు వేలు పోగా 22,000. పైకి కనిపించిన పదిహేను వేల తేడా నాలుగు గీతల్లో ఎగిరిపోయింది. అందుకే స్టైపెండును పక్కన పెట్టేశాం. పిల్ల ఇంట్లో ఉంటుందన్న నా ఆశనూ పక్కన పెట్టమంది అది. సరే అన్నాను.

మిగిలింది పేరా, పనా అన్నది. రెండు చోట్లకూ ఒకే మూడు ప్రశ్నలు పంపమన్నాను: నా పని రోజూ ఎవరు చూస్తారు? పోయినసారి ఇంటర్న్ ఏం చేశారు? అది ఇప్పుడు వాడుకలో ఉందా?

పెద్ద కంపెనీ నుంచి "టీమ్ ఏదో చేరాక చెబుతాం" అని మర్యాదగా జవాబొచ్చింది. అక్కడ చేసొచ్చిన కాలేజీ సీనియర్‌ను అడిగితే, అనుమతులు రావడానికే అయిదు వారాలు పట్టిందని, తర్వాత టెస్టింగ్ రిపోర్టులు నింపానని చెప్పింది. అన్ని టీములూ అలాగే ఉండవని కూడా అంది పాపం.

చిన్న సంస్థలో టీమ్ లీడే ఫోన్ చేశాడు. క్లినిక్కుల అపాయింట్‌మెంట్ యాప్‌లో రిమైండర్ల భాగం మొత్తం ఈమెదేనట. రాసిన కోడ్ వాడుకలోకి వెళ్లేముందు తనే చదివి తప్పులు చెబుతాడట. బాగానే ఉంది గానీ, నేర్పేవాడు ఒక్కడే అయితే అతను మానేస్తే? ఆ మాటా అడిగించాను. ఇంకొక సీనియర్ ఉన్నారని, కావాలంటే మాట్లాడిస్తానని అన్నాడు. మాట్లాడించాడు కూడా.

"రెజ్యూమెలో ఆ పేరుంటే చాలు, పిలుస్తారు" అన్నారు మా వారు. అది నిజమే, మొదటి వడపోతలో పేరు పనిచేస్తుంది.

"పిలిచాక ఏం చేశావని అడుగుతారు కదా నాన్నా, రిపోర్టులు నింపానని చెప్పనా?" అంది.

ఆయన మాట్లాడలేదు. కాసేపటికి, ఆఫర్ లెటర్లో తేదీలు, స్టైపెండు, సర్టిఫికెట్ సంగతి రాసి ఉన్నాయో లేదో చూడమన్నారు. సర్టిఫికెట్ మాట లేదు. అడిగి చేర్పించాకే గురువారం మాదాపూర్ వాళ్లకు ఒప్పుకుంది. బెంగళూరు వాళ్లకు రాలేనన్న మెయిల్ కూడా అప్పుడే పంపింది, ఆ సీటు ఇంకెవరికైనా వెళ్తుందని.