ముక్కలు కలిపినట్టే!

మా టీమ్‌లో ఓ కుర్రాడు సినిమా రివ్యూలు మంచివో చెడ్డవో చెప్పే మోడల్‌కి చిన్న మార్పు చేశాడు. కచ్చితత్వం 87.2 నుంచి 88 శాతానికి పెరిగిందని సంబరపడ్డాడు. సోమవారం కస్టమర్‌కి చెప్పాలి. "పాతదాన్నే, ఏమీ మార్చకుండా మళ్లీ నడుపు బాబూ" అన్నాను. 88.3 వచ్చింది! సీడ్ పెట్టలేదు మరి. మొదట్లో తీసుకునే వెయిట్స్, డేటా వచ్చే వరుస ప్రతిసారీ పేకముక్కలు కలిపినట్టు మారిపోతాయి.

```
torch.manual_seed(7)
```

డేటా తెచ్చేముందు, మోడల్ తయారుచేసేముందు ఈ లైను పెడితే దాదాపు అదే ఫలితం మళ్లీ వస్తుంది. జీపీయూలో మాత్రం కొద్దిపాటి తేడా మిగలొచ్చు. అలాగని ఒక్క సీడ్‌తో తీర్పు చెప్పకూడదు. ఆ పంపకం ఒకరికే కలిసొచ్చి ఉండొచ్చు. అందుకే రెండింటినీ అవే ఐదు సీడ్లతో నడిపించాం. పాతది 86.9 నుంచి 88.3 దాకా, కొత్తది 87 నుంచి 88.2 దాకా ఊగాయి. సగటులూ దాదాపు ఒకటే. పెరిగిందనుకున్న 0.8 ఆ ఊగిసలాటే. కస్టమర్‌కి ఆ మాటే చెప్పాం.