కిలోకి నాలుగు గ్రాముల ఫరఖ్

అబ్బా దుబాయ్ నుంచి తెచ్చిన పది తులాల బంగారు బిస్కెట్ ఇరవై ఏళ్లుగా అమ్మీ అల్మారీలో, పాత దస్తీలో చుట్టి ఉండేది. అబ్బా గల్ఫ్‌లో ఎండకు కాలిన జిందగీ అంతా ఆ ముక్కలోనే ఉన్నట్టు అమ్మీ దాన్ని చూసుకునేది. చెల్లె షాదీ ఖాయమయ్యాక, దాన్ని ఇచ్చి జేవర్ చేయించుదామని నేనే సరాఫా బజారుకు తీసుకెళ్లాను.

దుకాణంలో ఆయన తూకం వేశాడు. 116.64 గ్రాములు. ఈ రోజుల్లో బజారులో తులమంటే పది గ్రాములే అంటారు గానీ దుబాయ్ బిస్కెట్ పాత లెక్క, తులానికి 11.66 గ్రాములు. అంతవరకు హిసాబ్ సరిగ్గానే ఉంది. చీటీ మీద మాత్రం 995 రేటు రాశాడు. గోడ మీది బోర్డులో 999కి ఒక రేటు, 995కి ఇంకో రేటు ఉన్నాయి.

"ఇదేంటి భాయ్?" అన్నాను.

"రెండూ చౌబీస్ క్యారెటే సాబ్, ఫరఖ్ ఏముంది?" అన్నాడు.

నిజమే కదా అనిపించి ఊరుకోబోయాను. ఎందుకో మనసొప్పక మామూకి ఫోన్ చేశాను. మామూ పాతబస్తీలో జడావు పనిచేసే కారీగర్. "బిస్కెట్ మీద ముద్ర ఏముంది బేటా?" అని అడిగాడు. 999 అని చెప్పాను. "తీసుకొని ఇంటికి వచ్చెయ్" అన్నాడు.

ఆ రాత్రి చాయ్ తాగుతూ మామూ సమ్‌ఝాయించాడు. వెయ్యి భాగాల్లో 999 ఖాలిస్ బంగారం అయితే మిగతాది ఒక్క భాగం. 995లో ఐదు భాగాలు వెండి, రాగి లాంటివి. అంటే కిలోకి నాలుగు గ్రాముల తేడా.

మా బిస్కెట్‌కే లెక్క కట్టాం. 999 లెక్కన అందులో అసలు బంగారం 116.52 గ్రాములు, 995 లెక్కన 116.06. ఇరవై రెండు క్యారెట్ల నగకు, అంటే 916కు, రాగీ వెండీ కలిపితే మొదటి లెక్కలో 127.2 గ్రాముల జేవర్ వస్తుంది, రెండో లెక్కలో 126.7. అర గ్రాము పోయినట్టే. 999 రేటు పది గ్రాములకు లక్ష అనుకుంటే 995 రేటు సుమారు 99,600. మా ముక్క మీద దాదాపు 4,670 రూపాయలు.

"అయితే 995 ఖోటా మాలా?" అని అడిగింది అమ్మీ.

"తౌబా, కాదు ఆపా" అన్నాడు మామూ. కరిగిన బంగారంలోకి క్లోరిన్ గ్యాస్ పంపితే వెండి, రాగి వేరైపోయి 995 దాకా వస్తుంది. ఈ పద్ధతిని సిడ్నీ టంకసాలలో మిల్లర్ అనే ఆయన 1860లలో కనిపెట్టాడు. అంతకంటే పైకి పోవాలంటే ఆ బంగారాన్నే ఆమ్లంలో పెట్టి కరెంటుతో మళ్లీ శుద్ధి చేయాలి. దానికి టైమూ ఖర్చూ ఎక్కువ. తిజోరీలో పడి ఉండే మాలుకు అంత మెహనత్ ఎందుకు? అందుకే లండన్ బజారులో బ్యాంకుల మధ్య తిరిగే పన్నెండున్నర కిలోల ఇటుకలకు కనీసం 995 ఉంటే చాలు. అక్కడ ఇటుక బరువుకు కాదు, లోపలి ఖాలిస్ బంగారానికే ఖీమత్ కడతారు. మన దగ్గర ఎంసీఎక్స్‌లో కిలో బంగారం సౌదా కూడా 995 మీదే. నగల కార్ఖానాకూ 995 చాలు, ఎలాగూ మిలావట్ చేసేదే కదా. ఆ ఐదు భాగాలను లెక్కలో పట్టుకుని, కలిపే రాగి అంత తగ్గిస్తే సరి.

999 ఎక్కడ కావాలంటే, జనం చేతికి వచ్చే నాణేలకు, బిస్కెట్లకు. ఇంకా మామూ చేసే కుందన్ పనికి. రాయి చుట్టూ బంగారు రేకును నిప్పు లేకుండా, చేతి ఒత్తిడితోనే అతికించాలి. కాస్త మిలావట్ ఉన్నా రేకు గట్టిపడి మాట వినదట.

"మరి చూస్తే తెలుస్తదా?" అన్నాను.

"కసౌటీ రాయి మీద గీసినా నాకే తెల్వదు" అని నవ్వాడు మామూ. ఎక్స్‌రే మెషీన్ పై చర్మాన్నే చూస్తుంది, నాలుగు భాగాల తేడా దగ్గర అదీ తడబడొచ్చు. పక్కాగా తేలాలంటే చిన్న ముక్క కోసి, సీసంతో నిప్పులో పెట్టి, తేజాబ్‌తో వెండిని తీసేసి, మిగిలింది తూచాలి. అందుకే మనలాంటి వాళ్లకు ముద్ర, బిల్లే గవాహీ. కొనేటప్పుడు 995 మాలుకు 999 రేటు కట్టొద్దు, ఇచ్చేటప్పుడు 999 మాలుకు 995 రేటు ఒప్పుకోవద్దు.

రెండ్రోజుల తర్వాత ఇంకో దుకాణంలో, బిల్లు మీద 999 రాయించాకే బిస్కెట్ ఇచ్చాం. కరిగించే ముందు అమ్మీ దాన్ని ఒకసారి అరచేతిలో పెట్టుకుంది. దస్తీ మాత్రం మడతపెట్టి వెనక్కి తెచ్చుకుంది.