ఒలీవ నూనె నుదుటికి, మరి కాళ్లకు?



చలికాలం మొదలైన దగ్గర నుండి మా దగ్గరికి వస్తున్న ప్రార్థన విన్నపాల్లో దురద ఎక్కువగా వినిపిస్తోంది. మన పుల్లలచెరువులోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ డెబ్బై దాటిన వారి మోకాళ్ల కింద చూడండి. తెల్లటి పొలుసులు, గోటి గీతలు, కొందరికి ఎండిన చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టు పగుళ్లు. యోబు బూడిదలో కూర్చొని చిల్లపెంకుతో ఒళ్లు గోక్కున్నాడని చదువుకున్నాం. ఆయనవి కురుపులు, వీరిది పొడిబారిన చర్మం. రాత్రి నిద్ర పోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే.

మన సంఘంలో ఒక అవ్వ ఉన్నారు, పేరు రాయము. మొన్న డిసెంబరులో కొడుకూ కోడలూ ఆమె కోసం ప్రార్థన చేయించుకోవడానికి వచ్చారు. "అయ్యగారూ, రోజూ రెండు పూటలా ప్రార్థన నూనె రాస్తానే ఉన్నాం, దురద ఇంకా ఎక్కువైతా ఉంది. మా అమ్మకు విశ్వాసం తగ్గిందేమో" అన్నాడు ఆ కొడుకు. అవ్వ తల వంచుకుని కూర్చున్నారు. ఆమె విశ్వాసంలో తక్కువేమీ లేదని అక్కడే చెప్పాము. సంగతి ఆ సీసాలో ఉంది.

మనం ప్రార్థనలో వాడేది ఒలీవ నూనె. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం ప్రకారం పెద్దలు రోగికి నూనె రాసి ప్రార్థన చేస్తారు. అది నుదుటి మీద ఒక చుక్క, ప్రభువు నామమున. దాన్నే పొడిబారిన కాళ్లకు పూటపూటా పట్టించడం వేరే పని. ఇంగ్లాండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు 2013లో ఒక పరిశీలన ప్రచురించారు. వయోజనుల ముంజేతుల మీద కొన్ని వారాలు ఒలీవ నూనె రాయించి చూస్తే చర్మపు పైపొర బలహీనపడింది, ఎర్రదనం కూడా కనిపించింది. పొద్దుతిరుగుడు నూనె రాసినప్పుడు పైపొర చెడలేదు, తేమ పెరిగింది. ఒలీవ నూనెలో ఉండే ఒలియిక్ ఆమ్లం పైపొరలోని కొవ్వు అల్లికను వదులు చేస్తుందని కారణం చెబుతారు. ముసలితనంలో ఆ కొవ్వు ముందే తగ్గి ఉంటుంది. గోడలో సున్నం రాలిపోయిన చోట ఇంకా గోకినట్టు అన్నమాట.

కాబట్టి నుదుటి నూనె అలాగే ఉంచండి. కాళ్లకూ చేతులకూ వేరేది తీయండి. అన్నిటికంటే భద్రమైనది పెట్రోలియం జెల్లీ, మన పిల్లలు వాజలైన్ అని తెచ్చేది. రంగూ వాసనా లేనిదే కొనండి. జిగటగా ఉంటుందని పెద్దవారు వద్దంటే కొబ్బరి నూనె మంచిదే. చలికి గడ్డకడితే అరచేతిలో రుద్దితే కరుగుతుంది. నొప్పులకు వాడే బామ్‌లు, కర్పూరం కలిపిన నూనెలు చల్లగా తగిలి ఒక్క ఘడియ హాయినిస్తాయి గానీ పగిలిన చర్మాన్ని మండిస్తాయి.

అయితే ఏ నూనె అయినా స్నానం సరిగ్గా లేకపోతే నిలవదు. అవ్వ ఇంట్లో మా ఇంటి అమ్మగారు వెళ్లి చూస్తే, కాగులో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. అరగంట స్నానం, ఒళ్లంతా రెండుసార్లు సబ్బు, పైన పీచుతో రుద్దుడు. పైగా మన బోరు నీళ్లు గట్టి నీళ్లు. సబ్బు నురగ రాదు, ఆ నీళ్లలోని సున్నంతో కలిసి తెల్లని మడ్డిగా మారి చర్మానికి అంటుకుంటుంది. నురగ రాలేదని మనం ఇంకా సబ్బు రుద్దుతాం, మడ్డి ఇంకా పెరుగుతుంది. దురద పుట్టేది సగం అక్కడే.

మార్చింది ఇంతే. నీళ్లు మోచేతితో చూస్తే వెచ్చగా తగలాలి, వేడిగా కాదు. స్నానం పది నిమిషాల లోపే. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. మిగతా ఒంటికి నీళ్లు చాలు. పీచు, సున్నిపిండి, నీళ్లలో పోసే క్రిమిసంహారక ద్రావణం, మూడూ పక్కన పెట్టారు. చలి రోజుల్లో రోజు విడిచి రోజు ఒంటిస్నానం చేసి, మధ్య రోజున ముఖం, చంకలు, గజ్జలు, పాదాలు కడిగితే సరిపోతుంది. స్నానం చేయకుండా మందిరానికి ఎలా రావాలి అని అవ్వ అడిగారు. ఆదివారం స్నానం రోజు అయ్యేలా లెక్క వేసుకోమన్నాము.

అసలు గుట్టు స్నానం తర్వాతి మూడు నిమిషాల్లో ఉంది. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే జెల్లీ పూయాలి. ఆ చెమ్మను లోపల మూసి ఉంచడమే దాని పని. ఆరిపోయాక పూస్తే సగం ఫలమే. రోమాలు పెరిగే దిశగా, పై నుంచి కిందికి, రుద్దకుండా సాగదీయాలి. చాలామంది బొట్టంత తీసుకుంటారు, అది చాలదు. చూపుడువేలి చివరి కణుపంత పొడవు తీస్తే దాదాపు అర గ్రాము. మోకాలు, తొడ, పాదంతో కలిపి ఒక కాలికి అలాంటివి ఎనిమిది, చేతికి నాలుగు పడతాయి. రెండు కాళ్లకు ఒకసారికి ఎనిమిది గ్రాములు. అంటే నూరు గ్రాముల డబ్బా కాళ్లకు మాత్రమే రోజుకు ఒకసారి రాస్తే పన్నెండు రోజులు వస్తుంది. ఆరు నెలలు వచ్చిందంటే రాయడం లేదని లెక్క. స్నానం లేని రోజున తడి గుడ్డతో అద్ది రాయండి.

అవ్వకు మొదటి వారంలోనే రాత్రి నిద్ర పట్టింది. పొలుసులు పోవడానికి మూడో వారం పట్టింది.

రెండు జాగ్రత్తలు చెప్పకపోతే మేము నిద్రపోలేము. జెల్లీ, నూనె పట్టిన చీర, పంచె, దుప్పటి నిప్పు తగిలితే మామూలు గుడ్డ కంటే తొందరగా అంటుకుంటాయి. మన పెద్దవారు చలిమంట దగ్గరా, పొయ్యి దగ్గరా కూర్చుంటారు, కొందరు బీడీ కాలుస్తారు. రాసిన తర్వాత మంటకు దూరంగా కూర్చోబెట్టండి, కట్టుకున్నవి తరచూ ఉతకండి. ఉతికినా జిడ్డు పూర్తిగా పోదని గుర్తుంచుకోండి. అరికాళ్లకు రాస్తే సాక్సులు తొడగండి, లేకపోతే గచ్చు మీద జారి తుంటి విరుగుతుంది.

మందుల షాపులో అడగ్గానే ఇచ్చే దురద ట్యూబుల్లో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. క్లోబెటసోల్, బీటామెథాసోన్ అన్న పేర్లు పెట్టె మీద కనిపిస్తే డాక్టరు చెప్పకుండా రాయవద్దు. రెండు రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది, నెలలకొద్దీ రాస్తే ముసలి చర్మం కాగితంలా పలచబడి, చిన్న దెబ్బకే నల్లగా కములుతుంది. దురద మాత్రల్లో మత్తు ఉన్నవి కూడా అంతే, రాత్రి లేచినప్పుడు తూలి పడతారు.

ఇంత చేసినా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే అది పొడిదనం కాకపోవచ్చు. వేళ్ల సందుల్లో పొక్కులు, రాత్రి దురద, ఇంట్లో మరొకరికీ ఉంటే గజ్జి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు వేయాలి. పొలుసులేమీ లేకుండా ఒళ్లంతా దురద ఉంటే కిడ్నీ, కాలేయం, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించాలి. కొత్తగా మొదలుపెట్టిన మాత్ర ఉంటే అది కూడా డాక్టరుకు చూపించండి. పెద్ద నీటి పొక్కులు వస్తే, లేదా పగుళ్లు ఎర్రబడి వేడెక్కి చీము పడితే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కోడళ్లు, కొడుకులు పది నిమిషాలు ఆగండి. వేలి కణుపు కొలత అమ్మగారు చేసి చూపిస్తారు. ప్రార్థన నూనె సీసా ఎప్పటిలాగే బల్ల మీద ఉంటుంది, దాని పక్కన జెల్లీ డబ్బా పెడతాము.