నెలల లెక్క ఎక్కడి నుంచి?

బిడ్డ వయసును మనం పుట్టినరోజు నుంచి లెక్కిస్తాం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎదుగుదలను పరీక్షించేటప్పుడు మాత్రం వైద్యులు మరో లెక్క వేస్తారు.

మాకు తెలిసిన ఒక ఇంట పాప 32 వారాలకే, 2024 జనవరి 10న పుట్టింది. 40 వారాలు నిండేది మార్చి 6న. మరుసటి మార్చి 10న పరీక్షకు తీసుకువెళ్లేనాటికి 14 నెలలు నిండాయి. సోఫా పట్టుకొని నిలబడుతోంది గానీ ఒంటరిగా అడుగు వేయడం లేదు. దాదీ ఎంతో దిగులుపడింది. వైద్యురాలు ముందుగా పుట్టిన 8 వారాలను తీసివేసి, పాపను 12 నెలల బిడ్డగా పరిగణించారు. ఆ వయసుకు పాప ఎదుగుదల సరిగానే ఉంది.

ఈ సవరణను సాధారణంగా రెండేళ్లు నిండేవరకే చేస్తారు. టీకాలకు ఇది వర్తించదు. వాటిని పుట్టినతేదీ ప్రకారమే వేయించాలి. సవరించిన వయసు 18 నెలలు దాటినా బిడ్డ ఒంటరిగా నడవకపోతే, ముందుగా పుట్టిందిలే అని సరిపెట్టుకోరాదు. నేర్చిన మాటలు, పనులు మరచిపోతుంటే ఏ వయసులోనైనా వెంటనే వైద్యునికి చూపించాలి.

అందుకే పరీక్షకు వెళ్లేటప్పుడు పుట్టినతేదీతోపాటు, ఎన్ని వారాలకు కాన్పు అయిందో తెలిపే కాగితాన్ని కూడా వెంట ఉంచుకోవాలి.