ఒంటికన్ను మాంత్రికుడు ఏ సీరియల్‌లో వాడు?

చిన్నప్పుడు చదివిన సీరియల్ పేరు మరిచిపోయినా అందులోని దుర్మార్గుడు మాత్రం మనసులోంచి పోడు. చందమామ సీరియళ్ల దగ్గర ఇది మరీ నిజం. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు దాదాపు డజను సీరియళ్లు రాశారు. వాటి మీద ఆయన పేరు వేసేవారు కాదు. కాబట్టి రచయితను పట్టుకుని వెతకడం కుదరదు. పాత సీరియళ్లను తర్వాతి తరాలకు మళ్లీ వేశారు గనక, ఏ ఏట చదివారో చెప్పినా పెద్దగా ఉపయోగం లేదు. ఇక మిగిలేది కథే.

మా ఊరు కోటలో వరసకు మామ అయ్యే ఓ పెద్దాయన నన్ను అడిగింది ఇలాంటిదే. “ఒంటి కన్ను మాంత్రికుడబ్బయా. గుడ్లగూబను పిలుస్తాడు, అస్థిపంజరాన్ని పిలుస్తాడు. ఆ కథ మళ్లీ చదవాలని ఉంది.” పాత సంచికలు పోగేసే అలవాటున్నవాణ్ని గనక తేలికని ఒప్పుకున్నాను. మాంత్రికుడు అనగానే నా మనసు ‘ముగ్గురు మాంత్రికులు’ మీదికి పోయింది. అక్కడితో ఆగకుండా నేనే అందించడం మొదలుపెట్టాను. “చెరువు దగ్గర కథ మొదలవుతుందా? చేపలు పట్టే కుర్రాడు ఉంటాడా?” అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, “ఉన్నట్టే ఉందబ్బయా” అన్నాడు. ఆ ‘ఉన్నట్టే’ విని నాకు ధైర్యం వచ్చింది. బైండు పుస్తకం తెప్పించి ఇచ్చాను. పది పేజీలు తిరగేసి, “ఏందబ్బయా ఇది, మన కథ కాదే” అని పక్కన పెట్టేశాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

తప్పు రెండు చోట్ల జరిగింది. నేను అందించిన చెరువూ కుర్రాడూ ఆయన జ్ఞాపకంలో కలిసిపోయారు. చాన్నాళ్లనాటి జ్ఞాపకం పక్కవాడు ఏం చెబితే దాన్ని కలుపుకుంటుంది. పేర్లూ బొమ్మలూ మనం అందిస్తే, ఆ తర్వాత ఏది ఆయన చదివిందో ఏది మనం చెప్పిందో తేల్చడం కష్టం. రెండోది, మాంత్రికుడొక్కణ్ని పట్టుకుని వెతికాను. దాసరి గారి కథల్లో మాంత్రికులకు కొదవ లేదు. వాళ్లు ఎలా ఉంటారు, ఎవర్ని వెంటేసుకు తిరుగుతారు అన్నదాన్ని బట్టి ఒకరిద్దరిని ఏరగలమేమో గానీ, అదే ఆధారంగా కథను ఖాయం చేయలేం.

కొన్నాళ్లు ఊరుకుని ఈసారి ఒకే ప్రశ్న వేశాను. “మామా, హీరో ఇల్లు వదిలి ఎందుకు బయల్దేరాడు?” తడుముకోకుండా చెప్పాడు. “రాజు పంపితే ఓడలెక్కి పోయాడు. సేనాపతి గదా.”

ఆ మాటతో దారి దొరికింది. ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుణ్ని ఏ రాజూ పంపడు. చేపలు పట్టి ఇల్లు గడుపుకునే మనిషి అతను. అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథ దానికి మూలం. ‘కంచుకోట’లో చంద్రవర్మకు రాజ్యం చేజారుతుంది, దాన్ని తిరిగి దక్కించుకోవాలి. రాజాజ్ఞ మీద ఓడలతో బయల్దేరిన సేనాపతి ‘తోకచుక్క’లోని సమరసేనుడు, కుండలినీ ద్వీపం వాడు. బతుకుతెరువు, పోయిన రాజ్యం, రాజాజ్ఞ. మూడింట్లోనూ మాయలూ మంత్రాలూ ఉన్నా, హీరో గడప దాటిన కారణం ఒక్కటి కాదు.

అయినా ఈసారి తొందరపడలేదు. సీరియల్ నెలకు కొంత చొప్పున వస్తుంది. మధ్య సంచిక చేతికొచ్చినవాడికి ఆ నెల హీరో వెతుకుతున్నదే అసలు లక్ష్యంలా గుర్తుండిపోతుంది. సమరసేనుడు కూడా దారిలో మాంత్రికుల గొడవలో ఇరుక్కుని, బయల్దేరిన పని వదిలి ప్రాణాలు కాపాడుకోవడంలోనే చాలా భాగం గడుపుతాడు. అందుకే “ఇది మొదట్లో జరిగిందా, తర్వాతా?” అని కూడా అడిగాను. “మొదట్లోనే. ఆకాశంలో చుక్క కనపడింది, ఊరంతా భయపడింది” అన్నాడు. తోకచుక్క అన్న మాట నేను అనలేదు.

పుస్తకం తెచ్చాక ఇంకో చిక్కు విడింది. ఆయన చెప్పిన మాంత్రికుడు ఒక్కడు కాదు, ఇద్దరు. ఏకాక్షి, చతుర్నేత్రుడు ఒకరికొకరు బద్ధ శత్రువులు. అస్థిపంజరం ఏకాక్షి మనిషి, గుడ్లగూబ చతుర్నేత్రుడిది. పగవాళ్లిద్దరూ ఏళ్లు గడిచేసరికి ఆయన తలలో ఒకే మనిషైపోయారు. నేను ఎంత వెతికినా గుడ్లగూబను పిలిచే ఒంటికన్ను మాంత్రికుడు దొరికేవాడు కాదు, అలాంటివాడు ఏ కథలోనూ లేడు గనక.

ఇప్పుడు ఎవరైనా అడిగితే వాళ్లు చెప్పింది చెప్పినట్టు ముందు కాగితం మీద రాసుకుంటాను. హీరో ఎందుకు బయల్దేరాడో తేలేదాకా ఏ సీరియల్ పేరూ ఎత్తను. విలన్ లక్షణాల్లో రెండు కలవకపోతే, ఒక మనిషిని కాకుండా ఇద్దర్ని వెతుకుతాను. మామ మాత్రం పుస్తకం మూడో భాగంలో ఉన్నాడు. చతుర్నేత్రుడి మాయలు మొదలయ్యే చోట ఆపి, “వీడు మంచోడా చెడ్డోడా, నాకు అప్పుడూ తేలలా” అంటున్నాడు.