ఆ ముప్పై డిగ్రీలు

కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లకి ఆవిరి ఎంత వేడిగా ఉందో కనిపిస్తుంది. ఆ ఆవిరిని మోస్తున్న ట్యూబు ఎంత వేడెక్కిందో కనిపించదు. థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ మెయింటెనెన్స్ చూసిన ఏళ్లలో నేను నేర్చుకున్న అతి ముఖ్యమైన సంగతి ఈ తేడా దగ్గరే మొదలైంది.

కాలేజీలో మాకు బలం గురించి చెప్పారు. లోహం ఎంత లోడు దగ్గర సాగి మళ్లీ వెనక్కి రాకుండా పోతుందో, ఎంత లోడు దగ్గర తెగుతుందో చెప్పారు. ఆ లెక్కతో ఒక సూపర్‌హీటర్ ట్యూబు చూద్దాం. బయటి వ్యాసం 51 మిల్లీమీటర్లు, గోడ మందం 8 మిల్లీమీటర్లు, లోపల ఆవిరి ఒత్తిడి సుమారు 150 బార్లు. ఆ ఒత్తిడి ట్యూబు గోడని చుట్టుకొలత వెంట లాగే స్ట్రెస్ 40 మెగాపాస్కల్స్ దాకా వస్తుంది. రెండుంపావు శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం ఉండే ఈ ఉక్కుని మేము టీ-22 అంటాం. మామూలు గది వేడిలో ఇది 205 మెగాపాస్కల్స్ వరకూ శాశ్వతంగా సాగకుండా తట్టుకోవాలి. అంటే మనం దాని బలంలో ఐదో వంతే వాడుకుంటున్నాం. మరి ఇంత జాగ్రత్తగా వాడుకున్న ట్యూబు ఏళ్ల తర్వాత ఒక రాత్రి ఎందుకు పగులుతుంది?

ఎందుకంటే ఆ 205 అన్న అంకె చల్లటి ఉక్కుది. లోహం తన కరిగే ఉష్ణోగ్రతలో సుమారు నలభై శాతం దాటిందంటే, అదీ కెల్విన్లలో లెక్కేస్తే, దానికి కాలం కూడా ఒక లోడే. సీసం 600 కెల్విన్ల దగ్గర కరుగుతుంది. మన గది వేడి 300. అందుకే పాత ఇళ్ల సీసపు గొట్టాలు ఎవరూ ముట్టుకోకపోయినా తమ బరువుకే ఏళ్ల తరబడి సాగి వేలాడతాయి. టీ-22 ఉక్కు 560 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 833 కెల్విన్ల దగ్గర, ఇంచుమించు అదే స్థితిలో ఉంటుంది. పరమాణువులు ఉన్నచోట ఉండవు, మెల్లగా జరుగుతుంటాయి. సాగకుండా అడ్డుపడే సన్నటి కార్బైడ్ రేణువులు ఏళ్లు గడిచేకొద్దీ ఒకదాన్నొకటి కలుపుకుని లావెక్కుతాయి, వాటి మధ్య ఎడం పెరుగుతుంది, అడ్డు తగ్గుతుంది. లోడు పెరగదు, ఒత్తిడి పెరగదు, ట్యూబు మాత్రం సాగుతూనే ఉంటుంది. దీన్నే క్రీప్ అంటాం. 1910లోనే ఆండ్రేడ్ అనే భౌతిక శాస్త్రవేత్త లోహపు తీగలకు స్థిరమైన స్ట్రెస్ ఇచ్చి, అవి మొదట గబగబా, తర్వాత నిలకడగా సాగే తీరును కొలిచి రాశాడు. తెగే ముందు ఆ వేగం మళ్లీ పెరుగుతుంది.

క్రీప్‌ని ఆపడం డిజైనర్ చేతిలో లేదు. అందుకని అతను దానికి ఒక గడువు పెట్టి కడతాడు. ఆ గడువు 1,00,000 గంటలు, ఆగకుండా నడిస్తే పదకొండున్నర ఏళ్లు. మన ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ ప్రకారం అంత వేడిలో ట్యూబుకి ఎంత స్ట్రెస్ ఇవ్వొచ్చో తేల్చేవి ముఖ్యంగా రెండు. అన్ని గంటల్లో ఒక శాతం సాగదీసే స్ట్రెస్ ఒకటి. అన్ని గంటల్లో తెగ్గొట్టే సగటు స్ట్రెస్‌ని ఒకటిన్నరతో భాగిస్తే వచ్చేది రెండోది. ఏది తక్కువైతే దాన్నే తీసుకోవాలి. వేడి గాలుల దారిలో వేలాడే సూపర్‌హీటర్‌లో లోహపు ఉష్ణోగ్రతని ఆవిరి కంటే 39 డిగ్రీలు ఎక్కువగా, మంట నేరుగా తగిలేచోట 50 డిగ్రీలు ఎక్కువగా పట్టుకోవాలని కూడా అవే రెగ్యులేషన్స్ చెబుతాయి. ఆవిరి 520 ఉన్నచోట లోహాన్ని 560 అనుకోవాలన్నమాట. ఆ వేడిలో టీ-22ని లక్ష గంటల్లో తెంపే సగటు స్ట్రెస్ దాదాపు 60. ఒకటిన్నరతో భాగిస్తే 40. మన ట్యూబు సరిగ్గా ఆ గీత మీద ఉంది.

ఒకటిన్నర రెట్ల భద్రత అనగానే మనసుకి నిబ్బరంగా ఉంటుంది. నాకూ చాలాకాలం అలాగే ఉండేది. కాని ఆ భద్రతని స్ట్రెస్‌లో కాక డిగ్రీల్లో కొలిచి చూసినప్పుడు నా లెక్కలన్నీ మారాయి. 1952లో లార్సన్, మిల్లర్ అనే ఇద్దరు ఇంజనీర్లు వేడినీ కాలాన్నీ ఒకే అంకెలోకి తెచ్చే సూత్రం ఇచ్చారు:

`P = T × (20 + log t)`

T కెల్విన్లలో లోహపు ఉష్ణోగ్రత, t తెగడానికి పట్టే గంటలు. ఒకే స్ట్రెస్ దగ్గర P మారదు. పదకొండేళ్లు ఆగలేని ప్రయోగశాలలు ఎక్కువ వేడిలో కొద్ది నెలలు పరీక్షించి, లక్ష గంటల సంగతి అంచనా వేసేది ఇలాంటి సూత్రాలతోనే.

టీ-22ని లక్ష గంటల్లో తెంపే స్ట్రెస్ 60 నుంచి 40కి పడిపోవడానికి వేడి ఎంత పెరగాలి? ఇంచుమించు 28 డిగ్రీలు. ఒకటిన్నర రెట్ల భద్రత అంటే అంతే, ముప్పై డిగ్రీలు కూడా కాదు. 40 మెగాపాస్కల్స్ దగ్గర ఈ సూత్రం వేస్తే 560 డిగ్రీల ట్యూబుకి దాదాపు ఏడు లక్షల గంటల ఆయుష్షు వస్తుంది. 570కి మూడు లక్షల నలభై వేలు. 580కి లక్షా డెబ్బై వేలు. 590కి తొంభై వేల లోపే. పది డిగ్రీలకొకసారి ఆయుష్షు సగమవుతోంది. ఇవి సగటు ట్యూబు లెక్కలు. ఒక హీట్‌లో పోసిన ఉక్కుకీ మరో హీట్‌లో పోసిన ఉక్కుకీ బలంలో ఇరవై శాతం తేడా ఉండొచ్చు కాబట్టి, అసలు ట్యూబు ఈ అంకెకి అటో ఇటో పోతుంది.

ఆ ముప్పై డిగ్రీలని తినేవి ఏమిటి? మొదటిది పంపకం. మూలల నుంచి బొగ్గు మండే ఫర్నెస్‌లో మంట గిరగిరా తిరుగుతూ పైకి వస్తుంది. ఆ సుడి సూపర్‌హీటర్ దాకా పూర్తిగా చల్లారదు. అందువల్ల ఎడమవైపు కాయిల్స్‌కి, కుడివైపు వాటికి వేడి ఒకేలా అందదు. అన్ని కాయిల్స్ ఆవిరీ హెడర్‌లో కలిశాక మీటరు చూపేది సగటు. ఆ సగటు సరిగ్గా ఉన్నా నాలుగైదు కాయిల్స్ ఇరవై డిగ్రీలు ఎక్కువ మోస్తుండవచ్చు. పెంట్‌హౌస్‌లో థర్మోకపుల్స్ ఉంటాయి గాని, ప్రతి కాయిల్‌కీ ఉండవు.

రెండోది మరీ లోపలిది. ఆవిరి తగిలే లోపలి గోడ మీద ఐరన్ ఆక్సైడ్ పొర పెరుగుతుంది. దాని గుండా వేడి సరిగ్గా పారదు. ట్యూబు తన వేడిని ఆవిరికి ఇచ్చుకోలేక తానే వేడెక్కుతుంది. వేడెక్కితే పొర ఇంకా వేగంగా పెరుగుతుంది. అర మిల్లీమీటరు పొర, అక్కడ పడే వేడిని బట్టి, లోహాన్ని ఇరవై డిగ్రీలో అంతకంటే ఎక్కువో పైకి నెట్టగలదు. డిజైన్ నాటి కొత్త ట్యూబులో ఈ పొర లేదు.

ఒక ఓవర్‌హాల్‌లో కోసి తీసిన ట్యూబు ముక్క చేతిలో పెట్టుకుని చూస్తున్నాను. బయట అంటిన బూడిదనే చూస్తున్న నాతో మెటలర్జీ చూసే పెద్దాయన అన్నారు: "పైది వదిలెయ్యండి సార్. లోపలి పొర మందం కొలవండి. అది ట్యూబు రాసుకున్న డైరీ." ఉక్కు రకం, నడిచిన గంటలు తెలిస్తే, పొర మందం నుంచి ట్యూబు ఏ వేడిలో కాలం గడిపిందో వెనక్కి లెక్కకట్టవచ్చు. ఇప్పుడు కోయకుండానే అల్ట్రాసోనిక్‌తో బయటి నుంచి ఆ మందం కొలుస్తారు. 1,20,000 గంటలు నడిచిన టీ-22 వరసలో ఒక కాయిల్‌లో 0.3 మిల్లీమీటర్లు, దాని పక్కన ఎక్కడో మరో కాయిల్‌లో 0.5 కనబడ్డాయనుకోండి. మొదటిది సుమారు 563 డిగ్రీల దగ్గర బతికింది, రెండోది సుమారు 586 దగ్గర. మన 40 మెగాపాస్కల్స్ లెక్కలో మొదటిదానికి ఇంకా నాలుగు లక్షల గంటలకు పైగా మిగిలింది. రెండోదాని ఆయుష్షు మొత్తం కలిపి లక్షా పదిహేను వేల లోపే. అంటే అది అప్పటికే అప్పు మీద నడుస్తోంది. ఒకే రోజు బిగించిన, ఒకే డ్రాయింగ్ ప్రకారం చేసిన ట్యూబులవి. మార్చాల్సింది ఆ రెండోదాన్నీ దాని తోటివాటినీ. వరస మొత్తాన్ని కాదు. ఆ చోట తొమ్మిది శాతం క్రోమియం ఉన్న టీ-91 పెడితే 590 చుట్టుపక్కల రెట్టింపుకు పైగా బలం దొరుకుతుంది.

పగిలిన ట్యూబు కూడా సంగతి చెబుతుంది. ఆవిరి దారి మూసుకుపోయి కొద్ది గంటల్లోనే విపరీతంగా కాలిన ట్యూబు బాగా ఉబ్బి, అంచులు కత్తిలా పలచబడి నోరు తెరుస్తుంది. క్రీప్‌తో పోయిన ట్యూబు అంతగా ఉబ్బదు. అంచులు మందంగానే ఉంటాయి, పగులు పొడుగునా సన్నగా ఉంటుంది, చుట్టూ బయటి ఆక్సైడ్ మీద దానికి సమాంతరంగా సన్నటి గీతలు కనబడతాయి. మైక్రోస్కోపు కింద లోహపు రేణువుల సరిహద్దుల వెంట చిన్న చిన్న ఖాళీలు వరస కడతాయి. మొదటిది కనిపిస్తే ఆ ట్యూబుకి ఏది అడ్డుపడిందో వెతకాలి. రెండోది కనిపిస్తే చుట్టుపక్కల కాయిల్స్ అన్నింటినీ కొలవాలి, ఎందుకంటే అవీ అదే దారిలో ఉంటాయి.

టర్బైన్ బ్లేడు దగ్గర ఇదే క్రీప్ మరోలా పట్టుకుంటుంది. బ్లేడుని లాగేది ఆవిరి ఒత్తిడి కాదు, తిరుగుడు వల్ల దాని సొంత బరువే. అది తెగేదాకా ఎవరూ ఆగలేరు. కొన కొంచెం సాగి కేసింగ్‌కి రాసుకుంటే చాలు, ప్రమాదమే. కాబట్టి అక్కడ డిజైనర్ ముందుగా లెక్కించేది సాగుడు. కొనకీ కేసింగ్‌కీ మధ్య ఎడం దాన్ని బట్టే వదులుతాడు. గ్యాస్ టర్బైన్లలో వేడి మరీ ఎక్కువ కాబట్టి నికెల్ సూపర్ అల్లాయ్ వాడి, బ్లేడు లోపల గాలి పారించి చల్లబరుస్తారు. ఖాళీలు పుట్టే రేణు సరిహద్దులే లేకుండా బ్లేడు మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ అలాంటి బ్లేడ్లు హెలికాప్టర్ ఇంజన్ కోసం తయారుచేసి 2021లో హెచ్‌ఏఎల్‌కి అందించింది. బాయిలర్‌లో కిలోమీటర్ల కొద్దీ ఉండే ట్యూబులకి ఆ సౌకర్యం లేదు. మనకి ఉన్నది ఆ ముప్పై డిగ్రీలే.

400 డిగ్రీలు దాటి నడిచే బాయిలర్లకి లక్ష గంటల తర్వాత మిగిలిన ఆయుష్షు పరీక్షించాలని మన రెగ్యులేషన్స్ అడుగుతాయి. అవి అడిగేదాకా ఆగకండి. షిఫ్టులో ఉన్న పిల్లలకి నా మనవి ఒకటే: ఆవిరి 540 దాటి 550లో అరగంట నిలిచినప్పుడు, స్ప్రే వేసి దించేశాం కదా అని వదిలెయ్యకండి. ఎన్ని నిమిషాలు, ఏ వైపు అన్నది లాగ్‌షీట్‌లో రాసిపెట్టండి. వచ్చే ఓవర్‌హాల్‌లో పొర మందం ముందు ఏ కాయిల్‌లో కొలవాలో మెయింటెనెన్స్ వాళ్లకి ఆ రాతే చెబుతుంది.