ఈసీజీలో ఆ రెండు మాటలు

ఉద్యోగంలో చేరే ముందు మెడికల్ టెస్టులు చేయించుకోమన్నారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఈసీజీ కాగితం పైన మెషీన్ ప్రింట్ చేసిన రెండు మాటలు నా ప్రాణం తీశాయి. సైనస్ అరిథ్మియా. అరిథ్మియా అంటే గుండె లయ తప్పడం అని ఫోన్‌లో చదివాను. ఇంకేముంది, ఆ రాత్రంతా చెయ్యి ఛాతీ మీదే!

మా పెద్దమ్మ కూతురు మత్తు డాక్టర్. పొద్దున్నే కాగితం ఫొటో పంపితే, చూసి వెంటనే ఫోన్ చేసింది. "ఒరేయ్, భయపడకు. నాడి పట్టుకుని నేను చెప్పినట్టు ఊపిరి తియ్యి" అంది. ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చేతి బొటనవేలి కింద నాడి మీద అవతలి చేతి వేళ్లు పెట్టాలి. నాకేమో మూడు చేతులు కావాల్సి వచ్చింది. చివరికి పొట్ట మీద దిండు పెట్టుకుని, అది లేస్తోందో లేదో చూశాను. నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి.

లోపలికి తీసినప్పుడు 5 దెబ్బలు లెక్కకొచ్చాయి. వదిలినప్పుడు, ఇంకో రెండు సెకన్లు ఎక్కువున్నా, 6 దెబ్బలే. అంటే నిమిషానికి 75 వేగంతో పరిగెత్తిన గుండె, ఊపిరి వదిలేసరికి 60కి దిగింది. "నీ ఈసీజీలో ఉన్నది ఇదే. కుర్రాళ్లలో ఇది మామూలే" అంది అక్క.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. గుండెకి దాని సొంత పేస్‌మేకర్ ఉంటుంది. దాన్ని దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొడుతుంది. మనం కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉంటున్నామంటే, మెదడు కింది భాగం నుంచి వచ్చే వేగస్ నాడి బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచుతోందన్నమాట. గుండె మార్పిడి చేసినప్పుడు ఆ నాడి తెగిపోతుంది. అందుకే కొత్త గుండె విశ్రాంతిలో కూడా వేగంగానే కొడుతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు మెదడు ఆ బ్రేక్‌ని కాసేపు వదులు చేస్తుంది, వదిలేటప్పుడు మళ్లీ నొక్కుతుంది. ఈ నాడి పని దాదాపు ఒక్క దెబ్బలోనే తెలిసిపోతుంది. "ఆపరేషన్‌లో మేం అట్రోపిన్ ఇస్తే ఈ బ్రేక్ వదులైపోతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఊపిరితో ఊగడం కూడా పోతుంది" అంది.

మరి పది సెకన్లే ఎందుకు? మెడలో, గుండె పక్క పెద్ద ధమనిలో రక్తపోటుని గమనించే నరాల కొనలు ఉంటాయి. పోటు పెరిగితే అవి మెదడుకి చెబుతాయి, మెదడు గుండెని నెమ్మది చేస్తుంది, పోటు తగ్గుతుంది. ఇలా ఒక చుట్టు తిరగడానికి సుమారు పది సెకన్లు పడుతుంది. మన ఊపిరి కూడా అదే తాళంలో పడితే, ఉయ్యాలని సరైన క్షణంలో తోసినట్టు, గుండె వేగం ఊపు పెద్దదవుతుంది. ఇటలీ డాక్టర్ లూసియానో బెర్నార్డీ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో జపమాల ప్రార్థన చేసినా, యోగ మంత్రం జపించినా ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికే వచ్చింది. రెండు వేర్వేరు సంప్రదాయాలు, ఒకటే తాళం!

ఇక నేను ఆగుతానా? రెండో రోజు ఉత్సాహంగా ఛాతీ నిండా గాలి పీల్చి పదిహేను నిమిషాలు చేశాను. పెదాలు, వేళ్ల కొనలు తిమ్మిరెక్కాయి, తల తిరిగింది. మళ్లీ అక్కకే ఫోన్. "నెమ్మదిగా అన్నాను గానీ బస్తా నింపమన్నానా? గాలి ఎక్కువ లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, తిమ్మిరి అందుకే" అని తిట్టింది. ఊపిరి పొడుగ్గా ఉండాలి, భారీగా కాదు. తిమ్మిరి మొదలైతే ఆపేసి మామూలుగా పీల్చుకోవడమే. పొట్టతో తీయమనేది కూడా ఇందుకే. డయాఫ్రమ్ కిందికి దిగితే పొట్ట లేస్తుంది, భుజాలు ఎగరేయకుండానే సరిపడా గాలి వస్తుంది.

తర్వాత స్మార్ట్‌వాచ్‌లో హార్ట్ రేట్ వేరియబిలిటీ అంకె పెరిగిందని గొప్పలు పోయాను. అది కూడా నిలవలేదు. ఊపిరి నెమ్మదించగానే ఊపు పెద్దదవుతుంది, కాబట్టి ఆ అంకె ఆ నిమిషాల్లో పెరిగి తీరుతుంది. నా వేగస్ బలపడిందని దాని అర్థం కాదట. రోజూ పొద్దున లేచాక, ఒకే భంగిమలో, మామూలు ఊపిరితో కొలిచి కొన్ని వారాలు పోల్చుకుంటే కొంత తెలుస్తుందంది. సగటు గుండె వేగం కూడా నాకు నాలుగైదు దెబ్బలకి మించి తగ్గలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది. దెబ్బల తేడా ఊపిరితో పాటు నడవకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా ఈ లెక్కలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నాది ఊపిరితోనే నడుస్తోంది. నిన్న రాత్రి నిద్ర పట్టక మళ్లీ లెక్కపెట్టాను. లోపలికి 5, బయటికి 6.